లెక్కా పత్రం: ఏ డాలరుకు ఆనాటి ధర

ఈసారి పన్ను రిటర్నులో విదేశీ ఆదాయాన్ని రూపాయల్లోకి మార్చే సంగతి రాస్తున్నాను. మన కుటుంబాల్లో ఇంటికొకరు విదేశాల్లో ఉంటున్నారు, లేదా ఉండి వచ్చారు. వచ్చినవాళ్ళు అక్కడ ఒక బ్యాంకు ఖాతానో, కాసిని షేర్లో వదిలేసి వస్తారు. ఏడాదికొకసారి రిటర్ను వేసేటప్పుడు అవి గుర్తుకొస్తాయి.

ముందుగా ఒక భయం తీరుస్తాను. దుబాయిలోనో, అమెరికాలోనో స్థిరపడిన కొడుకు ఇక్కడి అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బు ఆ తల్లిదండ్రులకు పన్ను పడే ఆదాయం కాదు. దాన్ని మార్చే గొడవ వాళ్ళకు లేదు. అలాగే ఆ సంవత్సరంలో చట్టప్రకారం ప్రవాసిగా ఉన్న కొడుకు అక్కడ సంపాదించి, అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. నేను చెప్పబోయేది విదేశాల నుంచి తిరిగి వచ్చి, ఇక్కడ పూర్తి స్థాయి నివాసిగా లెక్కకు వచ్చినవాళ్ళ సంగతి. వాళ్ళకు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా ఇక్కడి రిటర్నులో చూపించాలి, అదీ రూపాయల్లో. చిక్కంతా ఆ రూపాయల దగ్గరే వస్తుంది.

2025 దసరాకు హోసూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. బొమ్మల కొలువు చూసి, శనగలు తిని కూర్చున్నాక మా మేనకోడలు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి కొన్నేళ్ళు అమెరికాలో పని చేసి 2020లో తిరిగి వచ్చేసింది. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. అక్కడి కంపెనీ షేర్లు కొన్ని, ఒక బ్యాంకు ఖాతా అలాగే ఉంచుకుంది. ఆగస్టులోనే రిటర్ను వేసేసిందట.

"మామయ్యా, మీరు బ్యాంకులో ఫారిన్ ఎక్స్చేంజి చూశారు కదా, నేను వేసిన రేటు సరైనదేనా?" అని అడిగింది.

"ఏ రేటు వేశావమ్మా?"

"డివిడెండ్లకు రిటర్ను వేసిన రోజు ఇంటర్నెట్లో చూపించిన రేటు వేశాను. బ్యాంకు వడ్డీకి మాత్రం కష్టపడ్డాను మామయ్యా. నెలనెలా పడింది కదా, పన్నెండు నెలలకు పన్నెండు రేట్లు వెతికి పట్టుకున్నాను."

నాకు నవ్వొచ్చింది. నాలుగు రేట్లు కావలసిన చోట ఒకటి వేసింది, ఒక్కటి చాలిన చోట పన్నెండు వేసింది. నవ్వాను గానీ, పదేళ్ళ కిందట నేను కూడా అడిగినవాళ్ళందరికీ "అన్నిటికీ మార్చి 31 రేటు వేసేయండి" అని ధీమాగా సలహా చెప్పినవాణ్ణే. ఒక ఆడిటర్ మిత్రుడు నిబంధన తెరిచి చూపించాక నోరు మూసుకున్నాను.

ఆ నిబంధన 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వది. అది రెండే విషయాలు చెబుతుంది. మొదటిది, ఎవరి రేటు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వారు ఆ కరెన్సీని కొనేటప్పుడు ఇచ్చే రేటు, అందులోనూ టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటు. రెండోది, ఏ రోజు రేటు. అది ఆదాయం రకాన్ని బట్టి మారుతుంది.

మొదటి దాని గురించి కాస్త చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఆ కాగితం ముందే గడిచింది. బ్యాంకు రోజూ విడుదల చేసే రేట్ల పట్టికలో ఒక్కో కరెన్సీ ఎదురుగా చాలా అంకెలుంటాయి. తంతి మీద వచ్చే సొమ్ము కొనే రేటు, అమ్మే రేటు, బిల్లులు కొనే రేటు, అమ్మే రేటు, నోట్లు కొనే రేటు, అమ్మే రేటు. కొనటం, అమ్మటం అన్నది బ్యాంకు వైపు నుంచి చెప్పే మాట. మీ డాలర్లు బ్యాంకు తీసుకుని రూపాయలిస్తే అది కొనుగోలు. నోటు కంటే తంతి సొమ్ముకు బ్యాంకు కాస్త మంచి ధర ఇస్తుంది, నోట్లను దాచటం, లెక్కించటం, పంపటం ఖర్చులు ఉండవు కనుక. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలోనే ఆగిపోయింది, కానీ రేట్ల కాగితం మీద తంతి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. కంప్యూటర్ మీద చూసేవాళ్ళు ఆ పట్టికలో `TT BUY` అన్న గడి చూసుకోవాలి. ఇంటర్నెట్లో వెతికితే ముందుగా కనబడే రేటు కొనేదీ కాదు, అమ్మేదీ కాదు, మార్కెట్లో మధ్య రేటు. డాలరుకు అది స్టేట్ బ్యాంకు కొనుగోలు రేటు కంటే సాధారణంగా కొన్ని పైసలు ఎక్కువ ఉంటుంది. రిజర్వు బ్యాంకు రిఫరెన్సు రేటు కూడా ఇక్కడ పనికి రాదు.

ఇక ఏ రోజు రేటు అన్నది. మా అమ్మాయికి ఉన్నవి రెండు రకాల ఆదాయాలు కాబట్టి ఆ రెండే వివరంగా చూద్దాం.

డివిడెండు అయితే, కంపెనీ దాన్ని ప్రకటించిన, పంచిన లేదా చెల్లించిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు. జూన్‌లో డివిడెండు వస్తే మే 31 రేటు అన్నమాట. డబ్బు చేతికందిన రోజు రేటు కాదు, ఆ నెలాఖరు రేటు కూడా కాదు. నిబంధనలో ప్రకటించటం, పంచటం, చెల్లించటం అని మూడు మాటలున్నాయి కదా, అమెరికా కంపెనీలు ఒక నెలలో ప్రకటించి మరో నెలలో చెల్లిస్తాయి కదా, ఏది తీసుకోవాలని అడగవచ్చు. మూడు నెలలకొకసారి ఖాతాలో పడే డివిడెండ్లకు చెల్లించిన నెలనే పట్టుకోవటం ఎక్కువమంది పాటించే పద్ధతి. దాంట్లో ఒక సౌకర్యం ఉంది, కింద పన్ను దగ్గర చెబుతాను. ఏది పట్టుకున్నా అన్ని డివిడెండ్లకూ, అన్ని ఏళ్ళకూ అదే ఉంచుకోవాలి. రేటు బాగున్న నెల చూసి ఎంచుకోవటం మాత్రం తగదు.

బ్యాంకు వడ్డీ అయితే, ఏడాది పొడుగునా ఎప్పుడు పడినా, ఆర్థిక సంవత్సరం చివరి రోజు, అంటే మార్చి 31 రేటు ఒక్కటే. ఇతర ఆదాయాల కింద వచ్చేవాటికీ, అక్కడి ఇంటి అద్దెకూ, వ్యాపార లాభానికీ ఇదే పద్ధతి. ఇతర ఆదాయాల్లోంచి డివిడెండ్లనూ, బాండ్ల వంటి సెక్యూరిటీల వడ్డీనీ నిబంధన వేరు చేసి, వాటికి ముందు నెల చివరి రోజు పద్ధతి పెట్టింది. నేను పదేళ్ళ కిందట పొరబడింది సరిగ్గా ఇక్కడే. డివిడెండు కూడా ఇతర ఆదాయాల పద్దు కిందే వస్తుంది కనుక దానికీ మార్చి 31 అనుకున్నాను.

మార్చి 31 పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. ఆ వడ్డీనో, అద్దెనో మార్చి 31 లోపలే చట్టప్రకారం ఇండియాకు తెప్పించేసుకుని ఉంటే ఈ రేటు వర్తించదు. అప్పుడు మీ బ్యాంకు నిజంగా మార్చి ఇచ్చిన రూపాయలే ఆధారం. మా అమ్మాయి తన డబ్బు అక్కడే ఉంచింది కాబట్టి ఆ ప్రసక్తి రాలేదు.

ఇప్పుడు లెక్క. ఇది 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఉన్న సంవత్సరానిది. అప్పట్లో డాలరు ఏడాది మొదట్లో 83 దగ్గర ఉండి, 2025 ఫిబ్రవరిలో 87 దాకా వెళ్ళి, మార్చి చివరికి 85 చిల్లరకు దిగింది. లెక్క తేలిగ్గా కనబడాలని కింద రేట్లను గుండ్రటి అంకెలుగా వేస్తున్నాను. డాలర్ల మొత్తాలను కూడా సర్దాను. మీ రిటర్నులో ఈ రేట్లు వాడకండి, పద్ధతి మాత్రం చూడండి.

ఆ అమ్మాయికి జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో డివిడెండ్లు వచ్చాయి. ఒక్కొక్కటి 400 డాలర్లు. అమెరికాలో దాని మీద 25 శాతం, అంటే 100 డాలర్లు పన్ను కోసుకుని 300 ఖాతాలో వేశారు. ఈమె ఖాతాలో పడిన నాలుగు 300లు కలిపి 1,200 డాలర్లు అనుకుని, రిటర్ను వేసిన రోజు రేటు 86తో గుణించి 1,03,200 రూపాయలు చూపించింది. ఇందులో రేటు తప్పు ఒకటి, దాని కంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆదాయం అంటే పన్ను కోయక ముందు మొత్తం. 1,200 కాదు, 1,600 డాలర్లు.

సరిగ్గా వేస్తే ఇలా వస్తుంది. జూన్ డివిడెండుకు మే 31 రేటు 83 అనుకుంటే 400 డాలర్లు 33,200 రూపాయలు. సెప్టెంబరు దానికి ఆగస్టు 31 రేటు 83.50 చొప్పున 33,400. డిసెంబరు దానికి నవంబరు 30 రేటు 84 చొప్పున 33,600. మార్చి దానికి ఫిబ్రవరి 28 రేటు 87 చొప్పున 34,800. మొత్తం 1,35,000 రూపాయలు. ఈమె చూపించింది దీనికంటే 31,800 తక్కువ.

వడ్డీ 240 డాలర్లు. నెలనెలా వెతికిన పన్నెండు రేట్లతో 20,160 రూపాయలు వచ్చింది. మార్చి 31 రేటు 85తో ఒక్కసారి గుణిస్తే 20,400. తేడా 240 రూపాయలే. పాపం, ఒక ఆదివారమంతా కూర్చుని వెతికిందట ఆ పన్నెండు రేట్లూ.

"అయితే మామయ్యా, ఆదాయం ముప్పై వేల పైన తక్కువ చూపించానా? పెనాల్టీ వేస్తారా?" అని ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. మా చెల్లెలు వంటింట్లోంచి తొంగి చూసి, "పండగ పూట దాన్ని ఏడిపించకు అన్నయ్యా" అంది. అప్పుడు అసలు మాట అడిగాను. అమెరికాలో కోసిన 400 డాలర్ల పన్నుకు ఇక్కడ తగ్గింపు అడిగావా అని. అలాంటిది ఒకటుందని ఆ అమ్మాయికి తెలియదు.

అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు ఇచ్చే పద్ధతి 128వ నిబంధనలో ఉంది. అందులో మార్పిడి రేటు వేరేగా చెప్పారు. ఆ పన్ను కట్టిన లేదా కోసిన నెలకు ముందు నెల చివరి రోజు, స్టేట్ బ్యాంకు అదే కొనుగోలు రేటు. డివిడెండుకు చెల్లించిన నెలను పట్టుకుంటే సౌకర్యం ఉందని అన్నది ఇందుకే. పన్ను కోసేది చెల్లించేటప్పుడే కనుక, ఆదాయానికీ పన్నుకూ ఒకే రేటు వస్తుంది. జూన్‌లో కోసిన 100 డాలర్లు 8,300 రూపాయలు, సెప్టెంబరులో 8,350, డిసెంబరులో 8,400, మార్చిలో 8,700. మొత్తం 33,750. ఇది 1,35,000లో సరిగ్గా నాలుగో వంతు. డాలర్లలో 25 శాతం కోస్తే రూపాయల్లోనూ 25 శాతమే రావాలి. రాకపోతే ఎక్కడో రేటు తారుమారైందని అర్థం.

అయితే 33,750 మొత్తం తగ్గించరు. అక్కడ కట్టిన పన్ను, అదే ఆదాయం మీద ఇక్కడ పడే పన్ను, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే. ఇక్కడ పడే పన్నును లెక్కించటానికి ఆడిటర్లు మామూలుగా సగటు శాతం తీసుకుంటారు, అంటే ఏడాది మొత్తం పన్నును మొత్తం ఆదాయంతో భాగిస్తే వచ్చేది. ఈ అమ్మాయికి అది సుమారు 20 శాతం. కాబట్టి తగ్గింపు 27,000. మిగిలిన 6,750 రూపాయల అమెరికా పన్ను ఇక్కడ తిరిగి రాదు. వడ్డీ మీద అక్కడ పన్ను కోయలేదు కనుక దానికి తగ్గింపు లేదు. ఒక రకం ఆదాయంలో మిగిలిన పన్నును ఇంకో రకంలోకి సర్దటానికి వీల్లేదు, దేన్ని దానికే చూడాలి.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాం. ఆమె జీతం పై శ్లాబులో ఉంది కనుక అదనంగా చేరే ప్రతి వంద మీద సెస్సుతో కలిపి 31 రూపాయల 20 పైసలు పన్ను పడుతుంది. మొదట వేసిన పద్ధతిలో 1,03,200 మీద 32,198 రూపాయలు కట్టింది, తగ్గింపు ఏమీ లేదు. సరైన పద్ధతిలో 1,35,000 మీద 42,120. అందులో 27,000 తీసేస్తే 15,120. అంటే ఆదాయం తక్కువ చూపించి, పన్ను 17,000 రూపాయలు ఎక్కువ కట్టింది.

"ఆదాయం పెరిగితే పన్ను తగ్గటమేమిటి మామయ్యా?" అని రెండుసార్లు లెక్క వేయించింది. మూడోసారి తానే వేసుకుంది.

వేసిన రిటర్నును ఆ ఏడాదికి 2025 డిసెంబరు 31 దాకా సవరించుకోవచ్చు గనుక దీపావళి లోపలే సవరించిన రిటర్ను వేయించాం. పన్ను తగ్గింపుకు ఫారం 67 విడిగా దాఖలు చెయ్యాలి. ఇది చాలామంది మరిచిపోతారు. రిటర్నులో తగ్గింపు రాసి ఫారం 67 ఇవ్వకపోతే కంప్యూటర్ ఆ తగ్గింపును తీసేసి, బాకీ ఉన్నారని కాగితం పంపుతుంది. 2022లో వచ్చిన సవరణ ప్రకారం, రిటర్ను గడువులోనో, ఆలస్యపు గడువులోనో వేసి ఉంటే, ఫారం 67కు అసెస్‌మెంట్ సంవత్సరం చివరి దాకా సమయం ఉంది. ఈ లెక్కకు అది 2026 మార్చి 31. మేం మాత్రం రిటర్నుతో పాటే, దానికంటే ఒక రోజు ముందు ఇచ్చేశాం.

ఫారం 67కు ఆధారంగా అమెరికా బ్రోకరు ఇచ్చే 1042-S అనే కాగితం జత చేస్తారు. అక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. ఆ కాగితం జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క. మన సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. 2024 కాగితంలో 2024 మార్చి డివిడెండు ఉంటుంది, అది మన ముందు సంవత్సరానిది. 2025 మార్చి డివిడెండు అందులో ఉండదు, తర్వాతి కాగితంలో వస్తుంది. నాలుగు డివిడెండ్లు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి, మొత్తం దాదాపు సరిపోయినట్టే కనబడుతుంది. అందుకే మోసపోతాం. కాగితం మీది మొత్తాన్ని తీసుకోకుండా, బ్రోకరు నెలవారీ స్టేట్‌మెంట్లలో తేదీలు చూసి ఏరుకోవాలి. ఆ స్టేట్‌మెంట్లు కూడా జత చేశాం.

విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం మళ్ళీ క్యాలెండరు సంవత్సరానిదే. కాబట్టి ఒకే రిటర్నులో ఆస్తుల పట్టికలో రాసిన డివిడెండు ఒకలాగా, ఆదాయపు పట్టికలో రాసింది ఇంకొకలాగా ఉండవచ్చు. రెండూ సరైనవే. బలవంతంగా ఒకటి చెయ్యకూడదు. ఆస్తుల పట్టిక వదిలేస్తే మాత్రం ఊరుకోరు. 2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ విదేశాల నుంచి వచ్చిన సమాచారం పెట్టుకుని, చూపించనివాళ్ళకు గుర్తు చేస్తూ సందేశాలు కూడా పంపింది.

రేట్లు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి ప్రశ్న. స్టేట్ బ్యాంకు వెబ్‌సైటులో ఆ రోజు పట్టిక పెడతారు. మర్నాడు దాని స్థానంలో కొత్తది వస్తుంది. ఏడాది వెనకటి పట్టిక కావాలంటే అక్కడ కనబడదు. విదేశీ మారకం చూసే శాఖలో అడిగితే ఇవ్వవచ్చు, లేదా ఆడిటర్ దాచిపెట్టుకుని ఉంటాడు. నేను మా ఇంట్లోవాళ్ళకు చెప్పింది ఒక్కటే. ప్రతి నెలా చివరి పనిరోజున ఆ పట్టికను దింపుకుని ఒక చోట దాచండి. ఏడాదికి పన్నెండు కాగితాలు. మా మేనకోడలు ఇప్పుడు ఫోనులో గుర్తు పెట్టుకుంది, నేను పాత అలవాటు కొద్దీ ఫైలులో కుట్టుకుంటున్నాను.

చివరి రోజు సెలవైతే? ఇది మాకు నిజంగానే తగిలింది. 2024 ఆగస్టు 31, నవంబరు 30 రెండూ శనివారాలు. 2025 మార్చి 31 రంజాన్, విదేశీ మారక వ్యాపారం లేదు. ఆ తేదీన పట్టిక విడుదలై ఉంటే అదే వాడాలి. లేకపోతే దానికి ముందు పనిరోజు పట్టిక తీసుకోవటం ఆచారం. ముందుకు జరగాలే గానీ, తర్వాతి సోమవారానికి జరగకూడదు. ఏ తేదీ పట్టిక వాడామో లెక్క కాగితం మీద రాసి పెట్టుకుంటే, రెండేళ్ళ తర్వాత ఎవరడిగినా చెప్పగలం. జపాన్ డబ్బు ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. పట్టికలో యెన్ ధర ఒక యెన్‌కు కాదు, 100 యెన్‌లకు వేస్తారు. చూసుకోకపోతే ఆదాయం వంద రెట్లవుతుంది.

అంతా అయ్యాక సరిచూసుకోవటానికి నేను బ్యాంకులో నేర్చుకున్న చిట్కా ఒకటుంది. రూపాయల మొత్తాన్ని డాలర్ల మొత్తంతో భాగించండి. 1,35,000ను 1,600తో భాగిస్తే 84 రూపాయల 37 పైసలు చిల్లర. మనం వాడిన రేట్లలో తక్కువది 83, ఎక్కువది 87. ఆ రెంటి మధ్యే ఉంది, సరే. బయటికి పోతే గుణకారమో, కూడికో తప్పినట్టే. మొదట వేసిన 1,03,200ను 1,600తో భాగించి చూడండి, 64 రూపాయల 50 పైసలు వస్తుంది. 2025లో డాలరు ఆ ధరకు ఎక్కడా లేదు. పన్ను కోసిన తర్వాతి మొత్తం పట్టుకున్నామని ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

బళ్ళారి నుంచి ఒక పాఠకుడు జీతం గురించి రాశారు. వారి అబ్బాయిని కంపెనీ అయిదు నెలలు జర్మనీ పంపింది, అక్కడి జీతం యూరోల్లో అక్కడే ఇచ్చారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడే ఉన్నాడు కనుక నివాసిగానే లెక్క. జీతానికి కూడా ముందు నెల చివరి రోజు పద్ధతే. జూలై జీతానికి జూన్ 30 రేటు, ఆగస్టు జీతానికి జూలై 31 రేటు, అలా అయిదు రేట్లు. ఆ అబ్బాయికి బకాయి కొంత తర్వాత జనవరిలో ఇచ్చారట. బకాయిగా చెల్లించిన దానికి చెల్లించిన నెలను చూడాలి, కనుక డిసెంబరు 31 రేటు. జర్మనీ యజమాని ఏడాది చివర ఇచ్చే ఒక్క మొత్తాన్ని తీసుకుని సగటు రేటుతో గుణిస్తే కుదరదు, నెలవారీ జీతపు చీటీలు కావాలి. ఇక్కడి కంపెనీయే ఆ యూరోల జీతం మీద పన్ను కోసి ఉంటే మాత్రం, పన్ను కోయవలసిన రోజు రేటు వర్తిస్తుంది. అప్పుడు ఫారం 16లో వాళ్ళు వేసిన రూపాయలతో సరిచూసుకోవాలి.

ఇదంతా 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి, 1961 చట్టం కింద. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, దానితో పాటు నిబంధనల సంఖ్యలూ, ఫారాల సంఖ్యలూ మారాయి. వెనకటి ఏళ్ళ రిటర్నుల గురించి ఎవరైనా అడిగితే పాత నిబంధనే చూపించాలి. ఏప్రిల్ తర్వాతి ఆదాయానికి కొత్తవి తీసి చూసుకోవాలి.

షేర్లు అమ్మినప్పుడు ఏ రేటు అన్నది ఇందులో చెప్పలేదు. అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజు అని నిబంధన అంటుంది గానీ, లాభాన్ని డాలర్లలో తేల్చి ఒకే రేటుతో మార్చాలా, కొన్న ధరను ఆనాటి రేటుతోనూ అమ్మిన ధరను ఈనాటి రేటుతోనూ మార్చాలా అన్న దాని మీద ఆడిటర్లలో రెండు దారులున్నాయి. రెంటి మధ్యా తేడా చిన్నది కాదు. దానికి ఒక సంచిక పూర్తిగా కావాలి. అమ్మి ఉన్నవాళ్ళు కొన్న తేదీ, అమ్మిన తేదీ, డాలర్ల మొత్తం రాసి పంపితే ఆ లెక్కలతోనే రాస్తాను. పేర్లు, ఖాతా నంబర్లు పంపకండి.

మా మేనకోడలికి వాపసు డబ్బు సంక్రాంతి తర్వాత ఖాతాలో పడింది. ఫోను చేసి చెప్పి, "మామయ్యా, ఈ నెల 31 శనివారం కదా, పట్టిక ముందు రోజే దాచుకోనా?" అని అడిగింది. శుక్రవారం ఒకటి దాచుకో, శనివారం కూడా ఒకసారి తెరిచి చూడు అన్నాను.